అన్‌లిమిటెడ్ అని చెప్పి 3300 జీబీ దగ్గర స్పీడు తొక్కేయడం సబబేనా?

మేడమీద_మొక్కలు: మాది 100 ఎంబీపీఎస్ అన్‌లిమిటెడ్ ప్లాను. 26వ తేదీకే 3300 జీబీ అయిపోయిందని 2 ఎంబీపీఎస్‌కి దించేశారు. నాలుగు రోజులు ఓపిక పట్టి, 30న మ్యాచ్ ఉందని సాయంత్రం నాలుగింటికి 100 జీబీ టాప్-అప్ కొన్నాను. 200 రూపాయలు, జీఎస్టీ 36. అర్ధరాత్రి కొత్త బిల్లు మొదలవగానే మిగిలిన 61 జీబీ గల్లంతు. అన్‌లిమిటెడ్‌కి లిమిట్ ఏమిటి, డబ్బిచ్చి కొన్న డేటా మురిగిపోవడం ఏమిటి?

చెరువుగట్టు: రోజుకు 110 జీబీ అండీ అది! మేం ఆరుగురం, రెండు టీవీలు, ఎంత చూసినా నెలకు 600 దాటం. లిమిట్ తీసేస్తే ఒకడు కనెక్షన్ తీసుకుని అపార్ట్‌మెంట్ మొత్తానికి వైఫై అద్దెకిస్తాడు. మా కింద పోర్షన్‌లో అచ్చం అదే జరిగింది. నా ఓటు కంపెనీకే.

పుల్లట్టు: నాకూ 1.5 జీబీ మధ్యాహ్నానికే అయిపోతోంది. రాత్రి పన్నెండుకి మళ్లీ వస్తుంది కదా, టాప్-అప్ ఎందుకు కొన్నారు?

చెరువుగట్టు: అది ఫోను ప్లాను తమ్ముడూ. ఇక్కడ ఇంటి ఫైబర్ గొడవ నడుస్తోంది.

లాపాయింటు: స్పీడు 2 ఎంబీపీఎస్ కంటే తగ్గించకూడదని ట్రాయ్ ఆర్డరు ఉంది. మీకు 2 ఇస్తున్నారు కాబట్టి కేసు నిలవదు.

ఫైబర్_బాబాయ్: లాపాయింటు గారూ, సగం కరెక్టు. 2016లో ట్రాయ్ ఇచ్చిన ఆదేశంలో ఉన్నది 512 కేబీపీఎస్. 2 అన్నది 2023లో మారిన బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం. రెండూ ఒకటి కావు. ఆ 2016 ఆదేశంలోనే సగం, 90 శాతం, పూర్తి కోటా వాడినప్పుడు మెసేజ్ పంపాలని కూడా ఉంది. మొక్కలు గారూ, మీకు వచ్చాయా?

ఇక న్యాయం సంగతి. పదకొండేళ్లు ఓ లోకల్ ఆపరేటర్ దగ్గర పనిచేశాను కాబట్టి లోపలి లెక్క చెబుతా. ఒక ఫైబర్ పోర్టులో దాదాపు 2.5 గిగాబిట్లు వస్తుంది, దాన్ని మేం 64 ఇళ్లకు పంచేవాళ్లం. రాత్రి తొమ్మిదింటికి అందరూ టీవీ ముందు కూర్చున్నప్పుడే ఇరుకు. పైనుంచి మేం కొనే బ్యాండ్‌విడ్త్‌కి బిల్లు కూడా ఆ రద్దీ గంటల మీదే, నెలకు ఎన్ని జీబీలన్న దాని మీద కాదు. తెల్లవారుజామున మూడింటికి మీరు 100 జీబీ దించుకుంటే మాకు పైసా అదనం అయ్యేది కాదు. రద్దీకి మందు వేస్తున్నామని చెప్పి నెల మొత్తం జీబీలు లెక్కపెట్టడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. కాకపోతే చెరువుగట్టు గారు చెప్పిన అద్దె వైఫై వాళ్లని పట్టేది మాత్రం ఆ లెక్కే.

ఇంతకీ ఇంట్లో క్లౌడ్‌కి రికార్డయ్యే కెమెరాలు ఉన్నాయా? చాలా ప్లాన్లలో అప్‌లోడ్ కూడా కోటాలోంచే పోతుంది.

మేడమీద_మొక్కలు: నాలుగున్నాయి బాబాయ్! దొంగల భయానికి 24 గంటలూ పెట్టాం. సెట్టింగుల్లో చూస్తే ఒక్కోటి 2 ఎంబీపీఎస్. మెసేజ్‌లు నాన్నగారి పాత నంబరుకి వెళ్తున్నాయి, ఆ సిమ్ మూలనపడి రెండేళ్లయింది.

ఫైబర్_బాబాయ్: దొరికాడు దొంగ. 2 ఎంబీపీఎస్ ఆగకుండా పోతే రోజుకు 21.6 జీబీ. నాలుగింటికి 86.4. పాతిక రోజులకు 2160 జీబీ కెమెరాలే మింగాయి, మీరు చూసింది 1140. 30వ తేదీన కూడా ఆ ఎనిమిది గంటల్లో తగ్గిన 39 జీబీలో దాదాపు 29 వాటి ఖాతాలోదే. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా మార్చండి, లేదా లోపల మెమరీ కార్డు పెట్టండి. టాప్-అప్ కొన్నాక స్పీడు వెంటనే వచ్చిందా?

మేడమీద_మొక్కలు: లేదు, అరగంట 2లోనే వేలాడింది. టాస్ అయిపోయింది.

ఫైబర్_బాబాయ్: కొన్ని చోట్ల పాత సెషన్ నడుస్తున్నంతసేపూ పాత స్పీడే ఉంటుంది. రౌటర్ ఆపి మళ్లీ వేస్తే కొత్తది పట్టుకుంటుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎప్పుడు కొలిచినా గీత గీసినట్టు 2 వస్తే కోటా అయిపోయినట్టు. సాయంత్రాలే పడిపోతుంటే రద్దీ. దానికి టాప్-అప్ కొన్నా దండగే.

లాపాయింటు: 512 మాట ఒప్పుకుంటున్నా. కానీ నిర్వచనం 2కి మారాక, 512 ఇచ్చి బ్రాడ్‌బ్యాండ్ అని బిల్లు ఎలా వేస్తారు?

ఫైబర్_బాబాయ్: మంచి ప్రశ్నే. నేనైతే వేయకూడదనే అంటాను, మా పాత ఓనరు మాత్రం వేయొచ్చనే అంటాడు.

చెరువుగట్టు: కెమెరాల తప్పు కంపెనీ మీద వేశారన్నమాట.

మేడమీద_మొక్కలు: 3300 సంగతి వదిలేస్తున్నా. 61 జీబీ మాత్రం వదలను. ఎనిమిది గంటల్లో బిల్లు మారుతుందని యాప్‌కి తెలుసు, డబ్బు కట్టే పేజీలో ఆ ఒక్క ముక్క చెప్పలేదు. స్క్రీన్‌షాట్ ఉంది.

చెరువుగట్టు: షరతుల్లో రాసే ఉంటుందిలెండి, మనం చదవం.

మేడమీద_మొక్కలు: చదివాను. "ప్రస్తుత సైకిల్ వరకు" అని ఉంది, నాలుగో పేజీలో. మా సైకిల్ ఎప్పుడు ముగుస్తుందో మాత్రం ఎక్కడా లేదు. రేపు ఫిర్యాదు నంబరు తీసుకుంటున్నా, ముందు నాన్నగారి నంబరు మార్పించాలి.