అప్‌డేట్: అమ్మకు మెదడు రేడియేషన్, ఏది ఎంచుకున్నాం

నా పాత ప్రశ్న: "అమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకింది, మూడు చిన్న గడ్డలు. గడ్డలకు మాత్రమే రేడియోసర్జరీ చాలా, మెదడు మొత్తానికి రేడియేషన్ కూడా కావాలా?"

రేడియోసర్జరీ, అంటే కోత లేకుండా గడ్డల మీదే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్, అదొక్కటే చేయించాం. డాక్టరుగారు 2016లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం గురించి చెప్పారు. అందులో ఒకటి నుంచి మూడు గడ్డలున్నవాళ్లే ఉన్నారు. రెండూ కలిపి ఇస్తే మూడు నెలలకు మెదడులో జబ్బు అదుపులో ఉన్నవాళ్లు దాదాపు 94 శాతం, రేడియోసర్జరీ ఒక్కటే అయితే 75. కానీ జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో వెనకబడ్డవాళ్లు రెండూ కలిపితే 92 శాతం, రేడియోసర్జరీ ఒక్కటే అయితే 64. ఆయుష్షులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ చివరి మాటతో మా అనుమానం తీరింది.

ముఖానికి ప్లాస్టిక్ మాస్క్ బిగించి ఒకే సిట్టింగ్‌లో ముగించారు. మాస్క్ అచ్చులు బుగ్గల మీద సాయంత్రం దాకా పోలేదు, అమ్మకు అదే పెద్ద ఫిర్యాదు!

తర్వాతి ఎంఆర్ఐలో ఆ మూడూ కుంచించుకుపోయాయి, వేరేచోట కొత్త చుక్క కనిపించింది. దానికీ రేడియోసర్జరీయే చేశారు. ఈ దారి పట్టినవాళ్లు రెండు మూడు నెలలకోసారి స్కాన్ తప్పించకూడదు. రేడియేషన్ ఇచ్చినచోట వాపు పెరిగితే అది క్యాన్సరో, చచ్చిన కణజాలమో ఒక్క స్కాన్‌తో తేలకపోవచ్చట.

జ్ఞాపకశక్తి బాగానే ఉంది, మందుల డబ్బా అమ్మ తనే సర్దుకుంటోంది. ఒకేసారి చాలా చుక్కలొస్తే మాత్రం మెదడు మొత్తానికి ఇస్తామన్నారు, మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్‌కు డోసు తగ్గించి, మతిమరుపు తగ్గడానికి ఇచ్చే మెమాంటిన్ మాత్రలతో.