పేమెంట్ లింకు పంపితే "ఇది నిజంగా మీరేనా?" అంటున్నారు

ఫ్రేముల పని

పాత ఫోటోలు బాగుచేసి ఫ్రేములు కట్టి ఇస్తాను. మిగిలిన డబ్బు కోసం చాట్‌లో పేమెంట్ లింకు పంపితే కొందరు అసలు తెరవడమే లేదు. నిన్న ఒకావిడ "ఇది నిజంగా మీరేనా?" అని అడిగి, నేను జవాబిచ్చేలోపే బ్లాక్ చేశారు. పంపిన మెసేజ్ ఇది:

> ప్రియమైన కస్టమర్, మీ పేమెంట్ పెండింగ్‌లో ఉంది!! ఈరోజే చివరి తేదీ. వెంటనే https://s.example/x9Kdలో చెల్లించగలరు 🙏🙏

మా తమ్ముడు ఇంకా చిన్నది చెయ్యమంటాడు. నాకేమో వివరాలు పెంచాలనిపిస్తోంది. ఎవరి మాట వినాలి?

తాళంకప్ప

తమ్ముడి మాటే వినండి. చాట్‌లో నాలుగు లైన్లు దాటితే ఎవరూ చదవరు. ముందు ఆ పొట్టి లింకు తీసేసి, https తో మొదలయ్యే అసలు లింకు పెట్టండి. తెరవగానే పైన తాళం గుర్తు కనిపిస్తుంది కాబట్టి నమ్ముతారు. అంతకు మించి ఏం రాసినా దండగ.

రాత్రి షిఫ్టు

పొట్టి లింకు తీసేయమన్నది సరైన మాట. అది ఎక్కడికి తీసుకెళ్తుందో నొక్కితే తప్ప తెలియదు, పైగా అదే పొట్టి చిరునామాని మోసగాళ్లూ వాడుతుంటారు. తాళం గుర్తు సంగతి మాత్రం వేరు. మధ్యలో ఎవరూ చదవకుండా సమాచారం వెళ్తోందని చెబుతుందంతే. అవతల ఉన్నది ఎవరో చెప్పదు. దానికి కావలసిన సర్టిఫికెట్ ఉచితంగానే దొరుకుతుంది, దొంగ సైటుకి కూడా.

నేను కొన్నేళ్లు ఒక పేమెంట్ కంపెనీలో ఫిర్యాదులు చూశాను. డబ్బు కట్టకుండా వెనక్కి వెళ్లినవాళ్లలో చాలామంది చెప్పింది లింకు గురించి కాదు. "తెరిస్తే వేరే పేరు వచ్చిందండీ" అనేవారు. షాపు బోర్డు మీద ఒక పేరు, రిజిస్టర్ చేసిన పేరు ఇంకొకటి. పేజీ మీద రిజిస్టర్ పేరు వస్తుంది. దాన్ని చూసి జనం ఆగిపోతారు. కట్టినవాళ్లలోనూ కొందరు నెలాఖరులో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ పేరు చూసి, ఇది మేం కట్టింది కాదని ఫిర్యాదు పెట్టేవారు.

అందుకని మెసేజ్ పొడవు గురించి కొట్టుకోకండి. లింకు తెరిచాక ఏం కనిపిస్తుందో మెసేజ్ ముందే చెప్పాలి. ఏ పేరు, ఎంత మొత్తం, దేనికి. చెప్పింది చెప్పినట్టే కనిపిస్తే అనుమానం అక్కడితో తగ్గిపోతుంది. మీ పేజీ మీద ఏ పేరు వస్తోంది?

ఫ్రేముల పని

ఇప్పుడే నేనే తెరిచి చూశాను. షాపు పేరు రావట్లేదండీ. మొదట్లో అకౌంటు తెరిచినప్పుడు పెట్టిన సంస్థ పేరు వస్తోంది. పేరు కింద "పేమెంట్" అని ఒక్క మాట. ఎంత కట్టాలో రాసే గడి ఖాళీగా ఉంది, కస్టమరే నింపుకోవాలి.

రాత్రి షిఫ్టు

ఇక వెతకాల్సిన పనిలేదు. ఆవిడ స్థానంలో నేనున్నా ఆగేవాణ్ని. లింకు తయారుచేసేటప్పుడే ఎంత కట్టాలో వేసేయండి, వివరాల గడిలో "3 ఫోటో ఫ్రేములు, మిగిలిన డబ్బు" అని రాయండి. అది పేజీ మీద కనిపిస్తుంది. ఒక్కసారి కట్టాక పనిచేయకుండా పెట్టే వీలుంటే అదీ పెట్టండి.

ఇంకొకటి, మీ మెసేజ్‌లో చూశారా, "x9Kdలో" అని లింకుకి "లో" అతికించారు. తెలుగులో రాసేటప్పుడు మన చేయి అలాగే పోతుంది. కానీ చాలా యాప్‌లు ఆ తెలుగు అక్షరాలని కూడా లింకులో భాగమే అనుకుంటాయి. నొక్కితే పేజీ లేదని వస్తుంది. అనుమానంతో ఉన్న మనిషికి అది చాలు. లింకుని విడిగా ఒక లైన్లో పెట్టండి. దానికి ముందు గానీ వెనక గానీ ఏదీ తగలకూడదు.

పార్సిల్ రాలేదు

నాకు మొన్న ఇలాంటిదే వచ్చింది. పార్సిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిచేయడానికి కొంచెం డబ్బు కట్టమని. లింకులో పెద్ద కంపెనీ పేరే ఉంది. నొక్కలేదు గానీ నొక్కితే ఏమయ్యేదోనని ఇప్పటికీ టెన్షన్. అది మోసమో కాదో ఎలా తెలుసుకోవాలి?

రాత్రి షిఫ్టు

ఇక్కడ అడిగింది పంపేవాళ్ల గురించి. అయినా మీ ప్రశ్న పనికొస్తుంది, ఎందుకంటే ఈయన కస్టమర్ కూడా అచ్చం మీలాగే చూస్తారు. `https://` తర్వాత వచ్చే మొదటి `/` గీత దగ్గర ఆగి, అక్కడినుంచి వెనక్కి చదవండి. `pay.example.com/r/7Kq2` అయితే అది example.com వాళ్లది. `example.com.pay-now.example/r/7Kq2` అయితే ముందు ఏ పేరున్నా సరే, వాళ్లది కాదు. మీరు చూసిన పెద్ద కంపెనీ పేరు ముందున్నదేమో చూసుకోండి. నొక్కలేదు కాబట్టి టెన్షన్ వద్దు.

సంగీతం క్లాసు

నేను ఆన్‌లైన్‌లో వీణ నేర్పుతాను, నెలనెలా ఫీజు లింకు పంపుతాను. నా అనుభవం వేరే. మెసేజ్ మొదటిసారి బాగానే నమ్మారు. గుర్తు చేసినప్పుడే పాడైంది. కట్టనివాళ్లకి కొత్త లింకు తయారుచేసి పంపేదాన్ని. ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు రెండు లింకులు చూసి ఏదో ఒకటి దొంగదనుకున్నారు. ఇంకొకరు రెండూ కట్టేశారు, తిరిగి ఇవ్వడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు పాత మెసేజ్‌కే రిప్లై పెట్టి "పైన ఉన్న లింకేనండీ, శుక్రవారం దాకా పనిచేస్తుంది" అంటాను. కొత్త లింకు ఇవ్వాల్సివస్తే పాతది రద్దు చేసి, రద్దు చేశానని రాస్తాను.

"ఈరోజే చివరి తేదీ, వెంటనే" అనే మాటలు కూడా తీసేయండి. నిజంగా గడువుంటే రోజు చెబితే చాలు, తొందరపెట్టడం దేనికి?

తలుపు వెనక

మీరందరూ మెసేజ్‌ని మెరుగుపెట్టుకుంటున్నారు. నాకు ఈ వ్యవహారమే నచ్చలేదు. బాగా రాసిన మెసేజ్‌ని మోసగాడు అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాసుకుంటాడు. మర్యాదగా రాసిన లింకైతే నొక్కొచ్చని మనమే కస్టమర్లకి అలవాటు చేస్తున్నాం. చాట్‌లో లింకు పంపడం మానేసి, రసీదు మీద ఉన్న చిరునామాకి వాళ్లే వెళ్లి కట్టుకోమనాలి.

రాత్రి షిఫ్టు

సగం ఒప్పుకుంటాను. మాటలు కాపీ అవుతాయి, మీ ఇద్దరి మధ్య జరిగిన విషయం అంత సులువుగా కాపీ అవదు. ఏ ఫోటో ఇచ్చారు, అడ్వాన్సు ఎంత కట్టారు అన్నది ఊరంతటికీ ఒకే మెసేజ్ పంపేవాడికి తెలియదు. "ప్రియమైన కస్టమర్" అనగానే చెడేది అందుకే. ఎవరికైనా పంపగలిగిన మెసేజ్ అది.

కానీ మీ చాట్ అకౌంటే దొంగ చేతిలో పడితే వాడికి పాత సంభాషణ మొత్తం కనిపిస్తుంది. అప్పుడు వివరాలు కూడా కాపాడవు. అందుకని సరిచూసుకునే దారి ఈ మెసేజ్‌కి బయట ఉండాలి. "అనుమానముంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని నంబరు ఇక్కడే ఇస్తే లాభం లేదు, దొంగ తన నంబరే ఇస్తాడు. "రసీదు మీద ఉన్న నంబరుకి" అనండి, నంబరు రాయకండి.

ఫ్రేముల పని

అయితే ఇలా రాశాను. మొదట లింకు లేకుండా:

> నమస్తే అండీ, మీ తాతగారి పెళ్లి ఫోటోతో కలిపి మూడు ఫ్రేములూ సిద్ధమయ్యాయి. మొత్తం 4,800. మీరిచ్చిన అడ్వాన్సు 2,000 పోగా 2,800 ఉంది. లింకు పంపమంటారా, తీసుకునేటప్పుడు ఇస్తారా?

పంపమన్నాక:

> ఇదిగోండి. తెరిస్తే షాపు పేరు కాకుండా, రసీదు అడుగున ఉన్న సంస్థ పేరు కనిపిస్తుంది. అది మాదే.
>
> https://pay.example.com/r/7Kq2

తాళంకప్ప

రెండు మెసేజ్‌లా! ఒక్కదానికే తీరిక లేదంటే. తాళం విషయంలో పొరబడ్డాను, సరే. ఇది మాత్రం ఒప్పుకోను. వాళ్లు రిప్లై ఇవ్వడం మరిచిపోతే మీ డబ్బు అక్కడే ఆగిపోతుంది.

సంగీతం క్లాసు

రిప్లై రావడమే మంచిదండీ. మన నంబరు వాళ్ల ఫోన్లో సేవ్ అయి లేకపోతే కొన్ని యాప్‌లలో లింకు నొక్కినా తెరుచుకోదు. వాళ్లు ఒక మాట జవాబిచ్చాక గానీ పనిచేయదు. కాకపోతే ఇంకో చిక్కుంది. మా విద్యార్థులు లింకున్న మెసేజ్ ఒక్కటే వాళ్ల నాన్నకో అన్నకో ఫార్వర్డ్ చేస్తారు. "ఇదిగోండి" అని మొదలయ్యే మెసేజ్ అందుకున్న అన్నకి ఏం అర్థమవుతుంది? ఆ మెసేజ్ ఒక్కటీ విడిగా చదివినా తెలిసిపోవాలి.

రాత్రి షిఫ్టు

ఈ మాట నాకు తట్టలేదు. రెండోది ఇలా మారిస్తే?

> మూడు ఫోటో ఫ్రేములకి మిగిలిన 2,800 కట్టడానికి లింకు ఇది. తెరిస్తే రసీదు అడుగున ఉన్న మా సంస్థ పేరు, 2,800 కనిపిస్తాయి. వేరేలా కనిపిస్తే కట్టకండి, రసీదు మీద ఉన్న నంబరుకి ఫోన్ చేయండి. శనివారం సాయంత్రం 6 దాకా పనిచేస్తుంది.
>
> https://pay.example.com/r/7Kq2

తాతగారి ఫోటో సంగతి మొదటి మెసేజ్‌లోనే ఉండనివ్వండి. ఫార్వర్డ్ అయ్యేదాంట్లో ఇంటి విషయాలెందుకు? ఓటీపీ ఎవరికీ చెప్పకండి లాంటి హెచ్చరికలు కూడా కావాలనే పెట్టలేదు. దొంగ మెసేజ్‌లలోనూ అవే ఉంటాయి.

పంపేముందు లింకు కింద చిన్న బొమ్మ, పేరు వచ్చేదాకా ఒక్క క్షణం ఆగండి. కొన్ని యాప్‌లలో అది పంపేవాళ్ల ఫోన్లోనే తయారవుతుంది, తొందరపడితే లేకుండానే వెళ్లిపోతుంది. అందులో వింత పేరేదైనా వస్తే మాత్రం తీసేసి పంపడమే మేలు.

తలుపు వెనక

"వేరేలా కనిపిస్తే కట్టకండి" అన్న లైను బాగుంది. కానీ దొంగ కూడా అదే రాసి, తన పేజీ మీద అదే పేరు పెట్టుకుంటాడు. రసీదు తీసి చూసేవాళ్లు ఎంతమంది?

రాత్రి షిఫ్టు

తక్కువమందే. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఫ్రేముల పని

ఈరోజు ఇద్దరికి ఇలా పంపాను. ఒకరు పది నిమిషాల్లో కట్టారు. ఇంకొకరు మొదటి మెసేజ్‌కే "వచ్చినప్పుడు ఇస్తాలే" అన్నారు, లింకు అవసరమే పడలేదు. పేజీ మీద షాపు పేరు కూడా వచ్చేలా మార్చమని పేమెంట్ సర్వీసుకి రాశాను, కాగితాలు అడుగుతున్నారు. బ్లాక్ చేసినావిడకి ఇంకో నంబరు నుంచి మెసేజ్ పెడదామంటున్నాడు మా తమ్ముడు.

సంగీతం క్లాసు

అయ్యో, ఆ పని మాత్రం చేయకండి! కొత్త నంబరు నుంచి వస్తే దొంగేనని ఖాయం చేసుకుంటారు. ఫ్రేములు మీ దగ్గరే ఉన్నాయిగా, ఆవిడే వస్తారు.