బిల్లు లేని పాత ఫోను: ఐఎంఇఐ చూసుకుంటే చాలా?

పర్లాకిమిడి తండ్రి: మా అమ్మాయి కాలేజీలో చేరింది. ఎనిమిది వేలకు కొత్త ఫోను కొనాలా, అదే ధరకు రెండేళ్లు వాడిన పెద్ద ఫోను తీసుకోవాలా? పాతదానికి బిల్లు లేదంటున్నారు.

గుణుపురం వాసి: పాతదే తీసుకోండి. ఆ ధరకు వచ్చే కొత్తది ఏడాదికే నత్తనడక నడుస్తుంది. *#06# నొక్కితే ఫోను గుర్తింపు సంఖ్య, అంటే 15 అంకెల ఐఎంఇఐ వస్తుంది. KYM అని రాసి, ఖాళీ వదిలి, ఆ అంకెలు చేర్చి 14422కు పంపండి. దొంగ ఫోనైతే బయటపడుతుంది. బిల్లుతో పనేముంది?

రాయగడ టీచరు: ఆ జవాబు ఆ రోజు వరకే అన్నా. పోగొట్టుకున్నవారు పోలీసు ఫిర్యాదు చేసి, ప్రభుత్వ వెబ్‌సైటు సంచార్ సాథీలో బ్లాక్ చేయిస్తేనే ఆ నంబరు నల్లజాబితాకు చేరుతుంది. వారు పది రోజులు ఆలస్యం చేస్తే, ఈలోగా కొన్నవారి చేతిలో ఫోను మూగబోతుంది. రెండు సిమ్ముల ఫోనుకు ఐఎంఇఐలూ రెండు. రెండింటినీ పరీక్షించి, పెట్టె మీది అంకెలతో పోల్చాలి.

సిరోంచ రైతు: కొత్తదైతే మాత్రం ఏమిటి? వారంటీ ఉందని ప్రాణహిత దాటి మంచిర్యాలకు రెండుసార్లు వెళ్లాను. లోపల తడి తగిలిందన్నారు, డబ్బు కట్టమన్నారు. రెండు రోజుల కూలీ పోయింది.

పర్లాకిమిడి తండ్రి: బ్యాటరీ సంగతి ఎలా తెలుస్తుంది?

రాయగడ టీచరు: ఛార్జింగ్‌లో లోపలికి వెళ్లిన కరెంటును కొలిచే యాప్ పెట్టండి. తెర ఆపి, 20 నుంచి 80 శాతం దాకా ఎక్కించండి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే ఆ 60 శాతానికి సుమారు 3000 ఎక్కాలి. మా చెల్లి చూసిన ఫోనులో 2280 మాత్రమే ఎక్కింది. అంటే మొత్తం 3800, మిగిలింది 76 శాతం. అంచనా కాస్త అటూ ఇటూ అవుతుంది గాని, అంత తేడా పొరపాటు కాదు. బ్యాటరీ మార్పించే ఖర్చు ధరలో తగ్గించమంది. వెనక మూత ఉబ్బితే మాత్రం బేరమే వద్దు.

గుణుపురం వాసి: గంటల తరబడి ఛార్జి పెట్టి చూస్తామంటే దుకాణం నడిచేదెలా? బిల్లు కావాలంటే పల్లెల నుంచి వచ్చే ఫోన్లలో సగం నేను కొనలేను. మా పొట్ట కొట్టకండి.

రాయగడ టీచరు: మీది ఫోన్ల దుకాణమా! ఆ మాట ముందే చెప్పాల్సింది. సరే, పాత బిల్లు వద్దు. మీ రసీదు మీద రెండు ఐఎంఇఐలూ రాయండి. మీకు అమ్మినవారి గుర్తింపు కార్డు నకలు ఉంచుకోండి. బ్లాక్ అయితే డబ్బు తిరిగి ఇస్తానని రాసివ్వండి.

గుణుపురం వాసి: రసీదు ఇస్తాను, నకలూ ఉంచుతాను. ఆరు నెలల తర్వాత బ్లాక్ అయితే ఆ నష్టం నేనెందుకు మోయాలి? నేనూ డబ్బు పెట్టి కొన్నవాణ్నే కదా.

రాయగడ టీచరు: మరి ఆ అమ్మాయి ఎందుకు మోయాలి?

పర్లాకిమిడి తండ్రి: మా దుకాణదారుణ్ని అడిగాను. ఐఎంఇఐ రాస్తానన్నారు, డబ్బు మాట రాయనన్నారు. ఒక రాత్రి ఛార్జి పెట్టి చూసుకోవడానికి ఫోను ఇస్తారేమో, రేపు అడుగుతాను.