రెడింగ్‌లో ఆఫీసు లంచ్ కాంట్రాక్టు: ప్రపోజల్ ఎక్కడ మొదలుపెట్టాలి?

సునీత, రెడింగ్:
అందరికీ నమస్తే. ఇంగ్లండ్ వచ్చి ఏడాది కాలేదు. అద్దె కిచెన్‌లో చిన్న క్యాటరింగ్ పెట్టాను, హైజీన్ రేటింగ్ 5 వచ్చింది. దగ్గర్లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు వాళ్లు ప్రతి బుధవారం 120 మందికి లంచ్ కోసం ప్రపోజల్ అడిగారు. ఇప్పుడు వేసేవాళ్ల దగ్గర వెజ్ ముందే అయిపోతోందట, క్యూ చాలాసేపు కదలట్లేదట, ఎలర్జీ ఉన్నవాళ్లు భయపడి ఇంటి నుంచి శాండ్‌విచ్ తెచ్చుకుంటున్నారట. పది పేజీలు రాశాను: మా కథ, మా విజన్, గుంటూరు వంటల ప్రత్యేకత, మెనూ, చివర్లో ధర. శుక్రవారం పంపాలి. సరిపోతుందా?

రమణ, స్లౌ:
అమ్మా, ప్రపోజల్ సంగతి తర్వాత, ముందు డబ్బులు ఎప్పుడిస్తారో రాయించుకో. ఓ పెద్ద కంపెనీకి దీపావళి భోజనాలు పెట్టాం, తిన్నవాళ్లంతా ఆహా అన్నారు, బిల్లు పంపితే దాని మీద పీవో నంబర్, అంటే వాళ్లిచ్చే పర్చేజ్ ఆర్డర్ నంబర్, లేదని వెనక్కి పంపారు, నంబర్ ఇచ్చే ఆవిడ సెలవులో ఉంది, ఆవిడ వచ్చేసరికి అకౌంట్స్‌లో మనిషి మారాడు, సంక్రాంతి వెళ్లాక వచ్చాయి డబ్బులు. చట్టం ప్రకారం 30 రోజుల్లో ఇచ్చి తీరాలి, అది పెద్దక్షరాల్లో రాయి.

పద్మ, హౌన్స్‌లో:
రమణ గారూ, 30 రోజులనేది ముందుగా ఏమీ మాట్లాడుకోకపోతేనే. కంపెనీల మధ్య 60 దాకా ఒప్పుకోవచ్చు. పీవో మాట మాత్రం నిజం.

సునీతా, ఇలాంటి ప్రపోజల్స్ చదివి పక్కన పెట్టే ఉద్యోగం నాది, అందుకే చెప్తున్నాను. ఆ ఆఫీసు మేనేజర్ మెయిల్లో మూడు బాధలు చెప్పింది, నువ్వు వాటికి జవాబు ఏడో పేజీలో ఇస్తున్నావు. అంతదాకా ఎవరూ రారు. మొదటి పేజీ ఆ మూడింటితోనే, ఆవిడ మాటల్లోనే మొదలుపెట్టు.

క్యూ తీసుకో. ఒకే వరుసలో మనిషికి 20 సెకన్లు అనుకున్నా 120 మందికి 40 నిమిషాలు. టేబుల్ గోడకి ఆనించకుండా మధ్యలో వేసి రెండు వైపులా వడ్డిస్తే 20. ఈ లెక్క రాసి, అంత జాగా ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడుగు. వెజ్ అయిపోవడానికి కారణం మాంసం తినేవాళ్లు కూడా పనీర్ వేసుకోవడం. సోమవారానికి పేర్లు తీసుకుని, వెజ్ 40 మంది అని వస్తే 60 మందికి వండుతానని రాయి, ఆ అదనం ధరలో కలుపుకో.

ఎలర్జీ దగ్గర మన వంటకి అసలు చిక్కు ఉంది. ఇక్కడి 14 ఎలర్జెన్ల జాబితాలో ఆవాలున్నాయి, అంటే మనం పోపు పెట్టిన ప్రతిదీ అందులోకి వస్తుంది. ఇంగువ పొడిలో తరచు గోధుమ పిండి కలిపి ఉంటుంది, డబ్బా తిప్పి చూడు. పోపు లేకుండా ఏ రెండు వంటలు చేస్తావో పేర్లతో రాయి. గుంటూరు కారం గురించి నాలుగు పేజీలకంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ పనిచేస్తుంది.

కిషోర్, మిల్టన్ కీన్స్:
పద్మ గారు చెప్పింది మెయిల్ అడిగిన చోట సరే. పోర్టల్ ద్వారా టెండర్ వేస్తే కంపెనీ వివరాలే ముందు అడుగుతారు, వరుస మారిస్తే పక్కన పడేస్తారు. ఇంకోటి, 2021 నుంచి నటాషా చట్టం వచ్చింది కదా, ప్రతి గిన్నెకీ మొత్తం పదార్థాల లేబుల్ అతికించాలి.

పద్మ, హౌన్స్‌లో:
పోర్టల్లో వాళ్ల వరుసే, కాదనను. అక్కడా వివరణ రాయమని ఒక పెట్టె ఇస్తారు, అందులో వీళ్ల బాధే ముందు రావాలి. నటాషా చట్టం ఎవరూ అడగకముందే ప్యాక్ చేసి, అదే చోట అమ్మకానికి పెట్టేవాటికి. బఫే గిన్నెకి ఆ లేబుల్ అక్కర్లేదు, కానీ ఏ ఎలర్జెన్ ఉందో చెప్పి తీరాలి. గిన్నె పక్కన కార్డు పెడితే చాలు.

కిషోర్, మిల్టన్ కీన్స్:
మా కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వేరేలా చెప్పాడండీ.

సునీత, రెడింగ్:
మొదటి పేరా మార్చాను, చూడండి: "బుధవారం మీ సిబ్బంది అందరూ 20 నిమిషాల్లో ప్లేటు అందుకోవాలి, వెజ్ చివరి మనిషి దాకా మిగలాలి, ఆవాలు పడనివాళ్లకి రెండు వంటలుండాలి. దానికి మేం చేసేది ఇదీ." ఆ తర్వాత పద్ధతి, ధర, ఆఖర్న అర పేజీలో మేమెవరమో, రేటింగ్, ఇన్సూరెన్స్. పాత క్యాటరర్ పొరపాట్లని ఎత్తి చూపమంటారా?

పద్మ, హౌన్స్‌లో:
వద్దు. వాళ్లని పెట్టింది ఆ మేనేజరే అయి ఉండొచ్చు.

రమణ, స్లౌ:
బాగుందమ్మా. పీవో నంబర్ ఎవరిస్తారో అడిగావా?