బంధుకంపెనీతో లీజు: మినిట్స్‌లో కారణాలు కూడా రాయాలా?

సాగరిక: నేను కంపెనీ సెక్రటరీని. మాది అన్‌లిస్టెడ్ పబ్లిక్ కంపెనీ, ఐదుగురు డైరెక్టర్లు. ఎండీ, ఆయన తమ్ముడు (ఆయనా డైరెక్టరే) నడిపే ప్రైవేటు కంపెనీ నుంచి నెలకు 4 లక్షలకు తొమ్మిదేళ్లు గోదాము లీజు. బోర్డు సమావేశంలో ఇది చర్చకొచ్చినప్పుడు ఆ ఇద్దరూ బయటికెళ్లారు, మిగతా ముగ్గురు ఒప్పుకున్నారు. "చర్చించి ఆమోదించారు" అని రాస్తే ఆడిటరు కారణాలేవంటున్నారు. అవసరమా?

రమణ: అక్కర్లేదమ్మా. సంబంధమున్నవాళ్లు బయటికెళ్లారు, కోరం ముగ్గురితో సరిపోయింది. చట్టం అడిగేది అంతే. ఎక్కువ రాస్తే రేపు ప్రతి మాటకూ జవాబు చెప్పాలి.

భాస్కరరావు: రమణగారూ, కోరం సంగతి మీరన్నది నిజమే. మినిట్స్ సంగతి కాదు. బోర్డు సమావేశాలకు పాటించాల్సిన సెక్రటేరియల్ ప్రమాణం ఎస్‌ఎస్-1 ప్రకారం ప్రతి ప్రతిపాదనకూ నేపథ్యం, చర్చ సారాంశం ఉండాలి, పెద్ద నిర్ణయమైతే కారణం కూడా. తొమ్మిదేళ్లలో 4.32 కోట్లు కట్టే లీజు చిన్నదని నేననను.

సాగరికగారూ, ఆ ముగ్గురి ముందు నిజంగా ఏ కాగితాలున్నాయో అవే రాయండి. ఉదాహరణకు: "అదే రోడ్డులోని రెండు గోదాముల కొటేషన్లు చూశాం. ఒకటి 3.6 లక్షలు, కానీ లారీ లోపలికి తిరగదు. రెండోది 4.3 లక్షలు. ఏటా 5 శాతం పెంపు అడిగారు, మూడేళ్లకోసారి చాలన్నాం." ఎవరు ఎప్పుడు బయటికెళ్లారో, ఎప్పుడు తిరిగొచ్చారో కూడా ఉండాలి. కొటేషన్ల తేదీ సమావేశం తర్వాతదైతే, కారణాలు తర్వాత అల్లినవని ఆడిటరు ఇట్టే పట్టేస్తారు.

2008 డిసెంబరు 16న సత్యం బోర్డు తమ చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల కొనుగోలుకు ఒప్పుకుంది. మదుపరులు తిరగబడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గింది. స్వతంత్ర డైరెక్టర్లు ఆ రోజు ఏం అడిగారన్న ప్రశ్న తర్వాత ఎంతకాలం నడిచిందో హైదరాబాదులో ఈ పనిలో ఉన్నవాళ్లు మర్చిపోలేదు.

లక్ష్మి: మా కంపెనీలో మా అన్నయ్య, నేను, ఇద్దరమే డైరెక్టర్లం. ఇద్దరం బయటికెళ్తే ఆమోదించేదెవరు?

భాస్కరరావు: మీది ప్రైవేటు కంపెనీ అయ్యుంటుందమ్మా. కేంద్ర ప్రభుత్వం 2015 జూన్ 5న ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఆసక్తి వెల్లడించాక మీరు పాల్గొనవచ్చు. సాగరికగారిది పబ్లిక్ కంపెనీ, వాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అయితే సంబంధమున్న డైరెక్టరు చర్చలో ఉండకూడదనే, బోర్డు సమావేశాల రూల్స్‌లోని 15వ రూలు విడిగా అలాగే ఉంది. ప్రైవేటు కంపెనీల మీద అదెంతవరకు పనిచేస్తుందో మా వాళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి.

రమణ: సరే, కారణాలు రాశారనుకుందాం. డ్రాఫ్టు పదిహేను రోజుల్లో డైరెక్టర్లందరికీ వెళ్తుంది కదా. ఎండీకి కూడా. "3.6 లక్షల మాట తీసెయ్యండి" అని ఆయన రాస్తే?

సాగరిక: అదే జరిగింది. నిన్న ఆయన నుంచి ఆ మాటే వచ్చింది.

భాస్కరరావు: వ్యాఖ్య పంపే హక్కు ఆయనకుంది. కానీ తాను లేని చర్చలో ఏం జరిగిందో ఆయనెలా దిద్దుతారు? ఆయన వ్యాఖ్యను ఆ ముగ్గురికీ పంపండి. ఆ అంశానికి అధ్యక్షత వహించినవారు లిఖితపూర్వకంగా చెప్పేదాకా డ్రాఫ్టులో అక్షరం మార్చకండి.

రమణ: జీతమిచ్చేది ఎండీ. సెక్రటరీ అంత గట్టిగా నిలబడగలరా?