అప్‌డేట్: ఇంటూ-సున్నా ఆటలో మూలకి ఎదురుమూల వేస్తే

నా ప్రశ్న: "ఇంటూ మూలలో మొదలుపెట్టింది, సున్నా నడిమి గడి పట్టింది. అయినా సున్నా ఓడిపోతోంది, ఎందుకు?"

లెక్క తేలింది. అమలాపురం కాలువగట్ల మీద పిల్లలు ఇసుకలో గీసే గళ్లే ఇవి. పై వరస 1, 2, 3, నడిమి వరస 4, 5, 6, కింది వరస 7, 8, 9 అనుకోండి. ఇంటూ 1, సున్నా 5, ఇంటూ 9. ఇప్పుడు సున్నా 3 వేస్తే పని అయిపోయినట్టే. 3-5-7 పూర్తి కాకుండా ఇంటూ 7 వేస్తుంది, ఆ అడ్డుతోనే 4 దగ్గరా 8 దగ్గరా రెండు గెలుపులు తెరుచుకుంటాయి. ఒక్క ఎత్తుతో రెండూ మూయలేం.

అందుకే మూల కాదు, పక్క గడి వేయాలి. సున్నా 2 వేస్తే ఇంటూ 8లో అడ్డుకోక తప్పదు. అక్కడి నుంచి సున్నా 7, ఇంటూ 3, సున్నా 6, ఇంటూ 4. ప్రతి అడ్డూ అవతలివాళ్లకి ఇంకో బెదిరింపవుతుంది కాబట్టి ఇంటూకి రెండువైపుల దెబ్బ పన్నే తీరికే దొరకదు. ఆట డ్రా.

నడిమి గడి వదిలేస్తే మాత్రం ఈ రక్షణ ఉండదు. ఇంటూ 1కి సున్నా 2 అంటే, ఇంటూ 5, సున్నా 9, ఇంటూ 4. ఇక 6, 7 రెండూ గెలుపే.