గుంటూరు కారానికి ఏ పేరు నిలుస్తుంది: ఊరి పేరా, ఇంటి పేరా, కొత్తగా పుట్టించిన పేరా?

అరండల్‌పేట తమ్ముడు: మేము అన్నదమ్ములం ఇద్దరం కలిసి గుంటూరులో కారం పొడి ప్యాకెట్ల వ్యాపారం మొదలుపెడుతున్నాము. నాన్నగారు "గుంటూరు ఎర్రకారం" అని పెట్టమంటున్నారు, అన్నయ్య మా ఇంటి పేరే ఉండాలంటున్నాడు, నాకు మాత్రం కొత్తగా కల్పించిన పేరు గానీ "జ్వాల" వంటిది గానీ నచ్చుతోంది. ఏది అమ్ముడుపోతుంది, ఏది చట్టం ముందు నిలుస్తుంది?

పట్నంబజారు హోల్‌సేల్: మీ నాన్నగారి మాటే వినండి. ఒంగోలులోనో రాజమండ్రిలోనో కిరాణా కొట్టుకు వచ్చిన మనిషి గుంటూరు అన్న మాట చూసి ప్యాకెట్టు తీసుకుంటాడు. అర్థం లేని పేరు పెడితే అది కారమో, బట్టల సబ్బో కొట్టువాడే చెప్పవలసి వస్తుంది, ఊరికే చెప్పడు కనుక అతనికి అదనపు మార్జిన్ ఇవ్వాలి.

బ్రాడీపేట వకీలు: అమ్మకం సంగతి మీరు చెప్పినట్టే ఉండవచ్చు, కానీ ఆ సౌలభ్యమే ఆ పేరుకు బలహీనత. సరుకు రకాన్ని, గుణాన్ని, పుట్టిన చోటును మాత్రమే చెప్పే మాటలను 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలోని 9వ సెక్షను ఒకరి సొత్తుగా నమోదు కానివ్వదు. దరఖాస్తుకు ముందే ఆ పేరు వాడకం వల్ల జనంలో మీ సరుకుకే గుర్తుగా స్థిరపడిందని బిల్లులతో, ప్రకటనల ఖర్చుతో, ఆడిటరు ధ్రువీకరించిన టర్నోవరుతో చూపగలిగితే వేరు, కానీ ఇంకా మిల్లు ఆడించని మీరు అది చూపలేరు. బొమ్మతో కూడిన లేబులుగా నమోదు చేయించుకోవచ్చునని ఏజెంట్లు చెబుతారు. అది నిజమే, అయితే అప్పుడు దక్కేది లేబులు మొత్తం మీద హక్కే తప్ప అందులోని "ఎర్రకారం" అన్న మాట మీద కాదు. పక్క మిల్లువాడు వేరే రంగులో అదే మాట వేసుకుంటే మీరు ఆపలేరు.

కొత్తపేట స్వీట్స్: ఇంత చర్చ దేనికో నాకు అర్థం కాలేదు. కంపెనీని ఆ పేరుతో రిజిస్టరు చేయించి, ఆహార భద్రత లైసెన్సు తీసుకుంటే పేరు మనదే అవుతుంది కదా.

బ్రాడీపేట వకీలు: కాదండీ. కంపెనీల రిజిస్ట్రారు ఇచ్చేది సంస్థకు పేరు మాత్రమే. అదే పేరుతో 30వ క్లాసులో, అంటే మసాలాలు, కారాలు వచ్చే తరగతిలో, ఇంకొకరికి ముందే ట్రేడ్‌మార్కు ఉంటే మీ కంపెనీ సర్టిఫికెట్టు మిమ్మల్ని కాపాడదు.

కొత్తపేట స్వీట్స్: అయితే నాకు నోటీసు వచ్చినప్పుడు మా ఆడిటరు ఈ మాట ఎందుకు చెప్పలేదు? బోర్డులు మార్చడానికే ఆ పండుగ సీజను లాభం అంతా పోయింది.

పటమట డిజైనర్: "జ్వాల" చాలా బాగుంది. నేరుగా కారం అనకుండా మంటను తలపిస్తుంది, లోగో గీయడం కూడా తేలిక.

బ్రాడీపేట వకీలు: పోలికతో పెట్టే పేర్లు నాకూ ఇష్టమే, కానీ ఈ సరుకుకు ఆ మాట పనికిరాదు. జ్వాల అనేది మిరపలో ఒక రకం పేరు, పూసా జ్వాల విత్తనం ఎరిగిన రైతులెందరో ఉన్నారు. బట్టల మీద పోలిక అయ్యేది మిరప పొడి మీద సరుకు వర్ణన అయిపోతుంది. "నిప్పు", "అగ్ని" వంటివి కొంత మెరుగు, అయితే ఆ ఊహ ఇదివరకే చాలామందికి వచ్చి ఉంటుంది కనుక రిజిస్ట్రీ వెబ్‌సైటులో మాటతోనే కాక ఉచ్చారణ పోలికతోనూ వెతకండి. అలాగే ప్యాకెట్టు మీద "సన్నం" అని తోచినట్టు రాయకండి. గుంటూరు సన్నం భౌగోళిక గుర్తింపు పొందిన మిరప, ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి కలిపి ఆడించిన పొడికి ఆ మాట వేస్తే అది వేరే తగాదా.

గవర్నరుపేట భక్తుడు: దుర్గమ్మ పేరు పెట్టుకుంటే ఈ గొడవలేవీ ఉండవు.

బ్రాడీపేట వకీలు: పెట్టుకోవచ్చు, కానీ మరొకరు పెట్టుకోకుండా ఆపడం కష్టం. అగరుబత్తులకు "రామాయణ్" అన్న పేరును ఒక్కరి సొత్తుగా ఇవ్వడానికి 2015లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

పట్నంబజారు హోల్‌సేల్: వకీలు గారు ప్రతి పేరునూ కొట్టేస్తున్నారు. మీలాంటివారు చిన్న వ్యాపారిని భయపెట్టి ఫీజులు తీసుకోవడమే చూశాము. పెద్ద కంపెనీలు వర్ణన మాటలు వాడటం లేదా?

బ్రాడీపేట వకీలు: వాడుతున్నాయి, వాటికీ దెబ్బ తగిలింది. నూడుల్స్ మీద "మ్యాజిక్ మసాలా" తమదని ఐటీసీ, "మ్యాజికల్ మసాలా" వాడిన నెస్లే మీద దావా వేస్తే, అవి ఆ వ్యాపారంలో అందరూ వాడుకునే పొగడ్త మాటలేనని 2020లో మద్రాసు హైకోర్టు దావా కొట్టివేసింది. ఐటీసీకి ఆ తర్వాత కూడా అసలు బ్రాండు ఉంది, మీకు ఆ ఒక్క మాటే ఉంటుంది. నేను కొట్టేయని పేరు కూడా ఉంది, అది కల్పించినది. 1888లో ఈస్ట్‌మన్ తన కెమెరాకు పెట్టిన "కోడాక్" ఏ భాషలోనూ మాట కాదు, అందుకే దాన్ని కాపాడుకోవడం సులువైంది. జనం నాలుకకు అలవాటు చేయడానికి ఖర్చవుతుందన్నది నిజం. మరీ అలవాటైపోతే, ఒక కంపెనీ పేరైన జిరాక్సు మన వీధుల్లో నకలు తీయడానికే మాట అయిపోయినట్టు అవుతుంది, కానీ కొత్త కారం కంపెనీ ఇప్పుడే పడవలసిన బెంగ కాదు అది.

పట్నంబజారు హోల్‌సేల్: మరి ఇంటి పేరు మాటేమిటి? మిర్చి యార్డులో అప్పు పుట్టేది ఇంటి పేరు మీదే. మా నాన్నగారి పేరు చెబితే కమీషన్ ఏజెంటు సరుకు దించేవాడు. ఆయన పోయాక మా బాబాయి కొడుకు అదే ఇంటి పేరుతో మా ఎదురుగానే కొట్టు తెరిచాడు, అది కూడా మా గిరాకీ కోసమే. కేసు వేస్తే ఏమవుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

బ్రాడీపేట వకీలు: చెప్పలేకపోవడానికి కారణం ఉంది. 2004లో డాక్టర్ రెడ్డీస్ లేబరేటరీస్, రెడ్డి ఫార్మాస్యూటికల్స్ మీద ఢిల్లీ హైకోర్టులో నెగ్గింది. మందుల వ్యాపారంలో ఆ పేరు ఒక సంస్థకు గుర్తుగా స్థిరపడిందని, కులపు పేరు కనుక ఎవరైనా వాడవచ్చునన్న వాదన అక్కడ చెల్లదని తేలింది. 2014లో నగల వ్యాపారులు "రాక్యాన్" అన్న ఇంటి పేరు కోసం సుప్రీంకోర్టు దాకా వెళితే, అదే ట్రేడ్‌మార్కుల చట్టంలోని 35వ సెక్షను ప్రకారం నిజాయితీగా తన పేరుతో తాను వ్యాపారం చేసుకునేవాడిని ఆపరాదన్నారు. మీ బాబాయి కొడుకుది నిజాయితీయా, ఎత్తుగడా అన్నదే తగాదా అవుతుంది, అది సాక్ష్యం మీద తేలవలసినది.

పట్నంబజారు హోల్‌సేల్: అంటే మా నాన్నగారి పేరు మా నాన్నగారిది కాదన్నమాట. పేరంటే మనిషి మాట, మీరు దాన్ని పొలం దస్తావేజులా మాట్లాడుతున్నారు.

బ్రాడీపేట వకీలు: అవును, అలాగే మాట్లాడుతున్నాను. అమ్మదగినది, పంచదగినది, తాకట్టు పెట్టదగినది అయితేనే నాకు అది బ్రాండు. మనిషితో పాటే పోయేది పరపతి, దానికి రిజిస్ట్రీతో పని లేదు.

అరండల్‌పేట తమ్ముడు: మీ ఇద్దరి మాటలూ చూశాక ఒకటి అడగాలనిపిస్తోంది. అన్నయ్య దరఖాస్తు తన ఒక్కడి పేరున వేస్తానంటున్నాడు, వ్యక్తికి ఫీజు క్లాసుకు 4,500 రూపాయలే అవుతుందట. అది సరైన లెక్కేనా?

బ్రాడీపేట వకీలు: ఆన్‌లైనులో వేస్తే ఫీజు అంతే, కానీ చిన్న సంస్థగా నమోదైన భాగస్వామ్యానికీ అదే ఫీజు వర్తిస్తుంది. డబ్బు ఆదా అన్న కారణం నిలవదు. దరఖాస్తు సంస్థ పేరున వేయించండి, విడిపోతే పేరు ఎవరికి చెందుతుందో భాగస్వామ్య పత్రంలో ఇప్పుడే రాయించండి. ఇంటి పేరు పెట్టినా, కల్పించిన పేరు పెట్టినా అది తప్పదు.

పట్నంబజారు హోల్‌సేల్: వ్యాపారం మొదలుకాకముందే విడిపోయే కాగితం రాయమంటే ఆ అన్న ఏమనుకుంటాడు?

కొత్తపేట స్వీట్స్: నేనైతే రాయించుకుంటాను.

అరండల్‌పేట తమ్ముడు: అన్నయ్యకు ఈ చర్చ లింకు పంపాను. చదివి, "ఇంటి పేరు నాది కూడా" అని మాత్రం అన్నాడు.